నాలుగో రోజు పీ-వాల్యూ 0.03, తొమ్మిదో రోజు 0.21. కొత్త సెర్చ్ మోడల్ లాంచ్ చేయాలా వద్దా?

రాత్రిషిఫ్ట్_రమ

మాది కిరాణా సరుకులు ఇంటికి తెచ్చిచ్చే యాప్. నేను సెర్చ్ టీమ్‌లో ఉన్నాను. "కందిపప్పు" అని కొడితే ఏ ప్యాకెట్ పైన రావాలో తేల్చే ర్యాంకింగ్ మోడల్‌ని మార్చాం. పాత లాగ్‌ల మీద కొత్తది బాగానే గెలిచింది. పోయిన సోమవారం నుంచి ఏ/బీ టెస్ట్ పెట్టాం. సగం మంది యూజర్లకి పాత మోడల్, సగం మందికి కొత్తది. చూసే అంకె ఒక్కటే: సెర్చ్ చేసిన యూజర్లలో ఎంతమంది ఆర్డర్ పెట్టారు అని.

నాలుగో రోజు సాయంత్రానికి పాతదాంట్లో 24,000 మందికి 960 మంది ఆర్డర్ పెట్టారు, కొత్తదాంట్లో 24,000 మందికి 1,056 మంది. అంటే 4 శాతం, 4.4 శాతం. పీ-వాల్యూ 0.03. మా మేనేజర్ ఆ స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెట్టేశారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకో నాలుగైదు రోజులు ఆగుదామన్నది నేనే. ఇవాళ తొమ్మిదో రోజు. పాతది 54,000కి 2,160, కొత్తది 54,000కి 2,241. 4 శాతం, 4.15 శాతం. పీ-వాల్యూ 0.21.

చేతికొచ్చిన ఫలితాన్ని నేనే పోగొట్టినట్టు చూస్తున్నారు. బగ్ ఏమైనా ఉందేమోనని రాత్రంతా లాగ్‌లు తిరగేశాను, ఏమీ దొరకలేదు. రేపు పదకొండింటికి మీటింగ్. నాలుగో రోజుది నమ్మాలా, ఇవాళ్టిది నమ్మాలా?

మియాపూర్_మధు

50-50 ఎందుకు పెట్టారు? మామూలుగా 80-20 కదా. ట్రైనింగ్‌కి సగం డేటానే ఇస్తే మోడల్ ఎలా నేర్చుకుంటుంది?

గుంటూరు_గ్రాడియెంట్

మధు, నువ్వు చెప్పేది ట్రెయిన్-టెస్ట్ స్ప్లిట్. ఆవిడ అడిగేది యూజర్లని రెండు గుంపులు చేసి పాత మోడల్, కొత్త మోడల్ చూపించే టెస్ట్. ఇక్కడ మోడల్ ట్రైనింగ్ ఎప్పుడో అయిపోయింది.

మియాపూర్_మధు

ఓహ్, సరే. చదువుతున్నా.

బెజవాడ_బుల్లోడు

నాలుగో రోజే లాంచ్ చేసేయాల్సింది. పీ-వాల్యూ 0.03 అంటే కొత్త మోడల్ బాగుందనడానికి 97 శాతం ఛాన్స్ ఉన్నట్టు. 97 శాతం కన్నా ఇంకేం కావాలి? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోతుంది, గిన్నె మొత్తం తినక్కర్లేదు.

లెక్కలమాస్టారు

బుల్లోడు గారూ, ఆ 97 శాతం లెక్క తప్పు. చాలామంది చేసే తప్పే, కానీ దీనివల్లే డబ్బులు పోతాయి. "రెండు మోడళ్లూ ఒకటే అనుకుంటే, కేవలం అదృష్టం వల్ల ఇంత తేడాగానీ ఇంతకన్నా ఎక్కువగానీ కనబడే అవకాశం ఎంత" అన్న ప్రశ్నకి జవాబు 0.03. మోడల్ బాగుండే అవకాశం ఎంత అన్నది వేరే ప్రశ్న. ఆ జవాబు మీ టీమ్ చేసే మార్పుల్లో ఎన్ని నిజంగా పనిచేస్తాయన్నదాని మీద ఆధారపడుతుంది.

ఊరికే అనుకుందాం. మీరు 100 మార్పులు చేశారు, అందులో 10 మాత్రమే నిజంగా మంచివి. టెస్ట్ సరిగ్గా నడిపితే ఆ పదిలో 8 దొరికాయనుకోండి. మిగతా 90 ఉత్తవి. పీ-వాల్యూ 0.05 కిందకి దిగితే తేడా ఉన్నట్టే అనుకుంటాం కాబట్టి వాటిలో 5 శాతం, అంటే నాలుగైదు, అదృష్టం కొద్దీ తేడా చూపిస్తాయి. అందులో సగం కొత్తదానివైపు మొగ్గుతాయి, అంటే ఓ రెండు. మీరు గెలిచాయనుకున్న పదిలో రెండు దొంగవి. పద్ధతి ప్రకారం చివర్లో ఒక్కసారే చూసినప్పుడు సంగతి ఇది. రోజూ చూసి, 0.05 కిందకి దిగిన రోజే ఆపేస్తే లెక్క మొత్తం మారిపోతుంది.

మెతుకు సామెత కూడా ఇక్కడ కుదరదు. మెతుకు పట్టి చూసేది ఉడికిందా పచ్చిగా ఉందా అని. 4 శాతానికీ 4.15 శాతానికీ ఉన్న తేడా ఒక్క మెతుకులో తెలిసేది కాదు.

రాత్రిషిఫ్ట్_రమ

మా డ్యాష్‌బోర్డ్ రోజూ పీ-వాల్యూ చూపిస్తుంది మాస్టారూ. ఉదయం టీ తాగేటప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి అందరం చూస్తాం. చూసినంత మాత్రాన అంకెలు మారవు కదా?

లెక్కలమాస్టారు

చూడటం వల్ల ఏమీ కాదమ్మా. చూసినదాన్ని బట్టి ఆపేయడం వల్ల అవుతుంది. పీ-వాల్యూ తిన్నగా ఒకవైపు నడవదు, తూలుతూ పోతుంది. రెండు మోడళ్లూ ఒకటే అయినా ఏదో ఒక రోజు 0.05 గీత దాటి మళ్లీ వెనక్కి వస్తుంది. "దాటిన రోజే ఆపేస్తాను" అని కూర్చున్నారంటే, ఆ తూలుడులో మీకు నచ్చిన క్షణాన్ని ఫొటో తీసుకుంటున్నట్టే.

దీనికి లెక్కలు ఎప్పుడో 1969లోనే కట్టారు. ఐదుసార్లు చూస్తే తప్పుడు గెలుపు 5 శాతం నుంచి 14 శాతానికి పెరుగుతుంది. పదిసార్లకి 19. ఇరవైసార్లకి దాదాపు 25. పైన నేను చెప్పిన 90 ఉత్త మార్పులకి ఇది వేసి చూడండి. రెండు వారాలు రోజుకోసారి చూస్తే 22 శాతం దాకా వస్తుంది. ఆ చొప్పున ఇరవై దొంగ తేడాలు, అందులో సగం, అంటే పది, కొత్తదానివైపు. నిజమైనవి 8, దొంగవి 10. గెలిచాయని మీరు పండగ చేసుకున్నవాటిలో సగానికి పైగా ఏ పనీ చేయనివే.

గుంటూరు_గ్రాడియెంట్

నమ్మకం కుదరనివాళ్లు స్వయంగా నడిపి చూసుకోండి. రమ గారి అంకెలే వేశాను. రోజుకి గుంపుకి 6,000 మంది, రెండువైపులా అదే 4 శాతం, 14 రోజులు, రోజుకోసారి చూడటం.

```python
import numpy as np
rng = np.random.default_rng(7)
days, n, p, runs = 14, 6000, 0.04, 10000
a = rng.binomial(n, p, (runs, days)).cumsum(axis=1)
b = rng.binomial(n, p, (runs, days)).cumsum(axis=1)
N = n * np.arange(1, days + 1)
pool = (a + b) / (2 * N)
z = (b - a) / N / np.sqrt(2 * pool * (1 - pool) / N)
hit = np.abs(z) > 1.96
print(hit[:, -1].mean(), hit.any(axis=1).mean())
```

మొదటి అంకె చివరి రోజు ఒక్కసారే చూస్తే వచ్చే తప్పు, 5 శాతం దగ్గర ఉంటుంది. రెండోది ఏదో ఒక రోజు గీత దాటిన టెస్టుల వాటా, 22 శాతం దగ్గర. రెండు మోడళ్లకీ వీసమెత్తు తేడా లేకపోయినా ఇంత.

మియాపూర్_మధు

నడిపాను. నిజమే! ఒక్కో టెస్ట్‌ని గీతగా గీసి చూశాను. కొన్నైతే మూడో రోజు కిందకి దిగి, వారం తర్వాత మళ్లీ 0.6కి ఎక్కాయి. అచ్చం రమ గారి కథే.

బెజవాడ_బుల్లోడు

సరే, 97 శాతం మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే మందు సింపుల్ కదా. ఇంకా డేటా పోగు చేయండి. పీ-వాల్యూ మళ్లీ 0.05 కిందకి వచ్చేదాకా నడపండి. డేటా పెరిగితే నిజం బయటపడుతుంది.

లెక్కలమాస్టారు

ఇంకా డేటా పోగు చేయమన్నది సగం కరెక్ట్. 0.05 కిందకి వచ్చేదాకా నడపమన్నది మళ్లీ అదే జబ్బు. "కిందకి వచ్చేదాకా" అన్నారంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. తేడా లేకపోయినా, ఎంతకాలమైనా నడపగలిగితే ఆ గీత దాటే రోజు తప్పకుండా వస్తుంది. ఆపే రోజుని ముందే నిర్ణయించాలి, ఫలితాన్ని చూశాక కాదు.

డల్లాస్_దుర్గ

రమా, అసలు టెస్ట్ మొదలుపెట్టే ముందు ఎంతమంది కావాలో లెక్క వేశారా?

రాత్రిషిఫ్ట్_రమ

లేదండీ. "రెండు వారాలు నడుపుదాం" అనుకున్నాం, అంతే.

డల్లాస్_దుర్గ

అసలు సమస్య అక్కడుంది. మేము చేతివేళ్ల మీద వేసే లెక్క ఇది:

`n = 16 * p * (1 - p) / d^2`

p అంటే ఇప్పటి రేటు, మీకు 0.04. d అంటే మీరు పట్టుకోవాలనుకునే అతి చిన్న తేడా. n అంటే ఒక్కో గుంపుకి కావాల్సిన మంది. మీ ర్యాంకింగ్ మార్పు వల్ల 4 శాతం 4.2 అయితే చాలు, లాంచ్ చేస్తాం అనుకుందాం. d = 0.002. పైన 16 × 0.0384 = 0.6144. కింద 0.000004. వచ్చేది 1,53,600. ఒక్కో గుంపుకి! రోజుకి 6,000 చొప్పున 26 రోజులు. వారాలు పూర్తిగా ఉండాలి కాబట్టి 28 అనుకోండి. శనివారం రాత్రి నెల సరుకులు వేసేవాళ్లూ, మంగళవారం పాల ప్యాకెట్ కోసం వచ్చేవాళ్లూ ఒక్కలా ఉండరు.

అదే 4.4 శాతం పట్టుకుంటే చాలనుకుంటే d రెట్టింపు, మంది నాలుగో వంతు. 38,400. వారంలో అయిపోతుంది. కానీ ర్యాంకింగ్ సర్దితే ఆర్డర్లు పది శాతం పెరగడం నేనైతే చాలా అరుదుగా చూశాను. మీ మేనేజర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత పెరిగితే మనకి లాభం" అని. పీ-వాల్యూ సంగతి ఆ తర్వాత.

మియాపూర్_మధు

ఆ 16 ఎక్కడి నుంచి వచ్చింది?

డల్లాస్_దుర్గ

తేడా లేనప్పుడు 5 శాతం కన్నా ఎక్కువసార్లు మోసపోకూడదు, ఉన్నప్పుడు 80 శాతం సార్లు పట్టుకోవాలి అనుకుంటే, వాటికి నార్మల్ పట్టికలో వచ్చే 1.96, 0.84 కలిపి 2.8. దాని వర్గం 7.84. రెండు గుంపులు కాబట్టి రెట్టింపు, 15.7. గుర్తుండటానికి 16. 90 శాతం సార్లు పట్టుకోవాలంటే 21 వేసుకో.

లెక్కలమాస్టారు

దుర్గ గారు చెప్పినదాన్ని బట్టే నాలుగో రోజు రహస్యం కూడా తెలుస్తుంది. 24,000 మంది దగ్గర గీత దాటాలంటే తేడా కనీసం 0.36 పాయింట్లు ఉండాలి. అంటే నిజమైన పెరుగుదల 0.15 అయినా, 0.2 అయినా, ఆ రోజు "గెలిచింది" అని కనబడాలంటే అది ఉబ్బి కనబడక తప్పదు. గుమ్మం అంత ఎత్తున పెడితే పొడుగ్గా కనబడినవే లోపలికి వస్తాయి. అందుకే తొందరగా ఆపిన టెస్టుల్లో చూపించిన లాభం లాంచ్ తర్వాత కనబడదు. "ఏదో పాడైంది" అని అందరూ వెతుకుతారు. పాడైంది ఏమీ ఉండదు, మొదటి అంకే ఉబ్బినది.

కాబట్టి రమా, నువ్వేమీ పోగొట్టలేదు. ఇవాళ్టి అంకెల ప్రకారం తేడా −0.09 నుంచి +0.39 పాయింట్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 0.2 అందులో హాయిగా ఇముడుతుంది, సున్నా కూడా ఇముడుతుంది. "కొత్తది పనిచేయలేదు" అని కూడా అనకూడదు. ఇంకా తెలియదు, అంతే.

సెషన్_సీత

మా దగ్గర ఇంకో రకం దెబ్బ తగిలింది, చెప్తాను. కొత్త మోడల్ బాగుంది, పీ-వాల్యూ బాగుంది, మందీ సరిపోయారు. కానీ 50-50 పెట్టిన టెస్టులో పాతదాంట్లో 54,000 మంది, కొత్తదాంట్లో 52,900 మంది. "పదకొండు వందలే కదా" అన్నారు. నిజంగా నాణెం ఎగరేసి పంచితే అంత తేడా వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి కూడా లేదు.

తవ్వితే తేలింది: కొత్త మోడల్ జవాబివ్వడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటోంది. పాత ఫోన్లు, సిగ్నల్ సరిగ్గా లేని చోట్ల రిక్వెస్ట్ టైమౌట్ అయి పాత మోడల్‌కి వెళ్లిపోతోంది. అలా వెళ్లినవాళ్లు కొత్తదాని లాగ్‌లో నమోదే కావడం లేదు. అంటే కొత్తదాంట్లో మిగిలినవాళ్లు మంచి ఫోన్, మంచి నెట్ ఉన్నవాళ్లు. ఎలాగూ ఎక్కువ ఆర్డర్ పెట్టేవాళ్లు. మోడల్ గెలవలేదు, ఓడిపోయేవాళ్లు జారిపోయారు. రమ గారి గుంపులు రెండూ 54,000 కాబట్టి ఈ జబ్బు ఉన్నట్టు లేదు. కానీ కన్వర్షన్, అంటే ఆర్డర్ పెట్టినవాళ్ల శాతం, చూసే ముందు మందిని లెక్కపెట్టుకోండి.

రాత్రిషిఫ్ట్_రమ

నేను ఇక్కడ రౌండ్ చేసి రాశాను. అసలు అంకెలు 54,012, 53,967.

సెషన్_సీత

అయితే నిశ్చింతగా ఉండండి.

వైజాగ్_ట్రయల్స్

నేను మందుల పరీక్షల్లో స్టాటిస్టిక్స్ చేస్తాను. మధ్యలో చూడకూడదంటే మా దగ్గర కుదరదు, మనుషుల ప్రాణాలు కదా. అందుకని మధ్యలో చూడటానికే పద్ధతులున్నాయి. పోకాక్ 1977లో ఒకటి ఇచ్చారు, ఓబ్రియన్, ఫ్లెమింగ్ 1979లో ఇంకోటి. ఎన్నిసార్లు చూస్తారో ముందే రాసుకోవాలి. మొత్తం 5 శాతం తప్పుని ఆ చూపుల మధ్య పంచుకోవాలి. అంతే సూత్రం.

ఐదు చూపులైతే పోకాక్ పద్ధతిలో ప్రతిసారీ గీత 0.05 కాదు, 0.0158. ఓబ్రియన్-ఫ్లెమింగ్‌లో మొదటి చూపు గీత 0.000005, దాదాపు దాటలేనిది. మధ్యలో 0.008కి వస్తుంది, చివరి చూపుకి 0.041. మొదట్లో కఠినంగా ఉండి చివర్లో మామూలు టెస్టుకి దగ్గరగా వస్తుంది కాబట్టి నాకు ఇదే ఇష్టం. రమ గారి నాలుగో రోజు అంటే కావాల్సిన మందిలో ఆరో వంతు కూడా కాదు. ఆ దశలో 0.03 అన్నది ఈ పద్ధతిలో తలెత్తి చూడాల్సిన అంకె కూడా కాదు.

గుంటూరు_గ్రాడియెంట్

ఇవన్నీ ఎందుకండీ, బేయిసియన్ పద్ధతికి వెళ్తే మధ్యలో తొంగిచూసే సమస్యే ఉండదు. డేటా చూశాక కుదిరే నమ్మకమే పోస్టీరియర్, ఎప్పుడు చూసినా పోస్టీరియర్ పోస్టీరియరే.

వైజాగ్_ట్రయల్స్

ప్రయర్‌ని, అంటే డేటా చూడకముందు పెట్టుకునే అంచనాని, నిజాయితీగా పెడితే మీ మాట ఒప్పుకుంటాను. కానీ టూల్స్‌లో చాలావరకు ఎటూ మొగ్గని ఫ్లాట్ ప్రయర్ పెట్టి "95 శాతం దాటితే ఆపు" అంటారు. మీ కోడ్‌లోనే ఆ నియమం వేసి నడపండి, ఉత్త మార్పులు ఎన్ని గెలుస్తాయో చూడండి. పేరు మారింది, తూలుడు మారలేదు.

గుంటూరు_గ్రాడియెంట్

తప్పుడు గెలుపుల వాటాతో కొలవడమే పీ-వాల్యూ వాళ్ల ఫ్రీక్వెంటిస్ట్ చూపు కదా. నాకు కావాల్సింది నిర్ణయం వల్ల వచ్చే నష్టం ఎంత అన్నది. దీని మీద వేరే థ్రెడ్ పెడతాను, ఇక్కడ రమ గారి మీటింగ్ ఉంది.

బెజవాడ_బుల్లోడు

చిన్న కంపెనీకి నాలుగు వారాలంటే కష్టం. ప్రతి మోడల్ మార్పుకీ నెల ఆగితే ఏడాదికి పన్నెండు మార్పులే.

డల్లాస్_దుర్గ

ఈ మాట మాత్రం న్యాయం. సెర్చ్ ర్యాంకింగ్ కాబట్టి ఒక దారి ఉంది, ఇంటర్‌లీవింగ్. ఒకే యూజర్‌కి ఒకే లిస్టులో రెండు మోడళ్ల ఫలితాలూ కలిపి చూపించి, ఎవరి ప్యాకెట్‌ని ఎక్కువ నొక్కారో లెక్కపెడతారు. ఎవరికి వాళ్లే పోలిక కాబట్టి చాలా తక్కువ మందితో తేలిపోతుంది. నాలుగైదు మోడళ్లలో ఒకదాన్ని ఏరడానికి అది వాడి, ఏరినదానికి మాత్రమే 28 రోజుల టెస్ట్ పెట్టండి. నొక్కారంటే ఆర్డర్ పెట్టారని కాదు కాబట్టి రెండోది మానకూడదు.

రాత్రిషిఫ్ట్_రమ

మరి ఇప్పటి తొమ్మిది రోజుల డేటా? దీన్నే 28 దాకా పొడిగించవచ్చా, కొత్తగా మొదలుపెట్టాలా?

లెక్కలమాస్టారు

పొడిగించండి. ఆపలేదు కదా. 28వ రోజు ఒక్కసారే చూస్తామని ఇవాళే రాసిపెట్టండి.

వైజాగ్_ట్రయల్స్

నేను ఒప్పుకోను మాస్టారూ. తేడా +0.15 అని చూశాకే పొడిగిద్దామంటున్నారు. −0.15 వచ్చి ఉంటే ఆపేసేవాళ్లు. ఆశగా ఉన్నప్పుడే పొడిగించడం కూడా ఒక రకం ఎంపికే. తొమ్మిది రోజులదాన్ని బేస్‌లైన్ తెలుసుకోవడానికి వాడుకుని, హ్యాష్ సాల్ట్ మార్చి యూజర్లని మళ్లీ పంచి, కొత్తగా మొదలుపెట్టాలి.

లెక్కలమాస్టారు

ఆపేసేవాళ్లేమోగానీ, ఓడినదాన్ని గెలిచిందని చెప్పేవాళ్లు కాదు కదా. పొడిగింపు వల్ల వచ్చే తప్పు కొద్దిగానే ఉంటుంది, పోయేది మాత్రం లక్షమంది డేటా. అయినా నాలుగో రోజే ఆ స్క్రీన్‌షాట్ తిరిగింది కాబట్టి మీ వాదనలో బలం ఉంది. నేనైతే ఇప్పటికీ పొడిగింపువైపే.

రాత్రిషిఫ్ట్_రమ

మీటింగ్ అయింది. మధు గీసిన గీతలు పది స్క్రీన్ మీద పెట్టి, "వీటిలో ఏ మోడల్ బాగుందో చెప్పండి" అన్నాను. మేనేజర్ రెండింటిని చూపించారు. పదిట్లోనూ తేడా సున్నా అని చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత "ఎంత పెరిగితే లాభం" అన్న ప్రశ్న మీదే అరగంట గడిచింది. కొత్త మోడల్‌కి అదనంగా సర్వర్లు కావాలి, ఆ ఖర్చు వెనక్కి రావాలంటే 0.2 పాయింట్లు కావాలని తేలింది.

సాల్ట్ మార్చి సోమవారం నుంచి 28 రోజులు. డ్యాష్‌బోర్డ్‌లో పీ-వాల్యూ కనబడకుండా చేస్తున్నాం. గుంపుల సైజు, టైమౌట్లు, క్రాష్‌లు మాత్రమే రోజూ చూస్తాం. అవి చెడితే టెస్ట్ ఆపేస్తాం, గెలిచిందని ఆపడం మాత్రం ఉండదు.

సెషన్_సీత

ఆ 28 రోజుల మధ్యలో దసరా పడుతుందేమో చూసుకోండి. బెల్లం, నెయ్యి, పూజ సామాను వెతికే వారం మామూలు వారంలా ఉండదు.

రాత్రిషిఫ్ట్_రమ

పడుతోంది. చివరి వారమే.

లెక్కలమాస్టారు

పండగ రెండు గుంపులకీ ఒకటే, కాబట్టి పోలిక చెడదు.

డల్లాస్_దుర్గ

పోలిక చెడదు మాస్టారూ, కానీ వచ్చే జవాబు పండగ కలిసిన నెలకి సంబంధించినది అవుతుంది. కొత్త మోడల్ బెల్లం సెర్చ్‌లో మాత్రమే బాగుంటే? నేనైతే పండగ అయ్యాక మొదలుపెట్టే వీలుందా అని అడిగేదాన్ని.

మియాపూర్_మధు

28వ రోజు సరిగ్గా 0.06 వస్తే ఏం చేస్తారు?

రాత్రిషిఫ్ట్_రమ

పాతదే ఉంచుతాం. సర్వర్ ఖర్చు దానికి లేదు కాబట్టి. ఈ వాక్యం కూడా ప్లాన్‌లో రాసి, మేనేజర్ చేత ఓకే చెప్పించుకున్నాను. దసరా సంగతి మాత్రం రేపు మళ్లీ అడగాలి.